రాని ఫొటోకు నేను చెప్పిన జవాబు

కామారెడ్డిలో నాది ఫోన్లు బాగుచేసే దుకాణం. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. ఫోన్‌లోంచి ఏదైనా మాయమైందని ఎవరైనా ఏడుపు మొహంతో వస్తే, అది పోగల చోట్లు కొన్నే ఉంటాయని చెప్పి, ఒక్కొక్కటే వెతికి చూపిస్తాను. దయ్యాల సంగతీ నాకు అంతే. ఎవరైనా చెబితే, ముందు కరెంటు తీగలు చూడమనేవాణ్ణి. ఇక్కడ రాస్తున్న విషయాన్ని కూడా అలాగే వెతికాను.

మా అక్కది ఎల్లారెడ్డి. ఇంట్లో బీడీలు చుడుతుంది. బావ సాయిలు గల్ఫ్‌లో ఒక సామాన్ల కంపెనీలో లోడింగ్ పని చేసేవాడు. డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చుకుంటే డ్రైవర్ని చేస్తామని కంపెనీ చెప్పింది. రాతపరీక్షలో రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూడా తప్పితే వీసా పొడిగించబోమన్నారు. అంటే ఇంటికి రావడమే.

ఆ రాతపరీక్షలో రాసేదేమీ ఉండదు. తెర మీద బొమ్మ, కింద ప్రశ్న, జవాబులు వస్తాయి. సరైనదాన్ని వేలితో నొక్కాలి. ఇది నెగ్గితేనే పార్కింగ్ పరీక్ష, ఆ తర్వాతే రోడ్డు మీద పరీక్ష. బావ వెళ్లే స్కూల్లో తెలుగు లేదు. హిందీ తీసుకుంటే హెడ్‌ఫోన్లలో చదివి వినిపిస్తారు. బావకు మాట్లాడే హిందీ బాగా వచ్చు, కానీ పరీక్షలో వచ్చేది పుస్తకాల హిందీ. పైగా అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. మన అలవాటంతా తలకిందులవుతుంది.

అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. డ్రైవింగ్ స్కూల్లో సాధన కంప్యూటర్ ఉంటుంది. అసలు పరీక్షలో ఏది తప్పో చెప్పరు, సాధనలో మాత్రం తప్పు నొక్కగానే ఎర్రగా చూపిస్తుంది. ఎర్రగా వచ్చిన ప్రతి ప్రశ్ననూ బావ ఫొటో తీసి పంపేవాడు. నేను తెలుగులో వివరించి వాయిస్ మెసేజ్ పెట్టేవాణ్ణి.

"ఏంది బామ్మర్దీ, చౌరస్తాల గుండ్రం తిరిగెటప్పుడు ఎడమదిక్కు నుంచి వచ్చెటోనికి దారియ్యాల్నా? మన కామారెడ్డిల ఎవ్వడన్న ఎవ్వనికన్న ఇచ్చిండా?" అనేవాడు.

"కామారెడ్డి లైసెన్స్ కాదు బావా నువ్వు తెచ్చేది" అనేవాణ్ణి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం దుకాణంలో ఉండగా ఫొటో వచ్చింది. పెద్ద రోడ్డు పక్కన ఆగిన వ్యాను. బండి చెడిపోతే మనుషులు ఎక్కడ ఉండాలని ప్రశ్న. నొక్కిన జవాబు ఎర్రగా ఉంది. ఎప్పటిలాగే వాయిస్ పెట్టాను. అది ఇప్పటికీ ఉంది కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"బావా, తెల్ల వ్యాను, బానెట్ లేపి ఉన్నది, మీద నీలం డ్రమ్ము కట్టిండ్రు. కొందరు రెయిలింగ్ అవతల నిలవడ్డరు, గది కరెక్ట్. ఒకాయన వ్యాను ముంగట నీడల కూసున్నడు. నువ్వు నీడనే నొక్కినవ్. మనోళ్లు చేసేది గదే. ఎనుకకెంచి ఏదన్న వచ్చి గుద్దితే బండి ఆయన మీదికే పోతది. నాలుగు దిక్కుల లైట్లు ఎయ్యాలె, ఎనుక దూరంగ ఎర్ర త్రికోణం పెట్టాలె, కుడి తలుపుకెంచి దిగి రెయిలింగ్ దాటాలె. ఎడమకు దిగితే బండ్లల్లకే దిగుతవ్."

మరునాడు బావ ఫోన్ చేశాడు. "గది యాడి ప్రశ్న? నేనైతే పంపలే. నిన్న స్కూలు బందున్నది, నేను రూముల పండుకున్న."

చాట్ తెరిచాను. వాయిస్ ఉంది. దానికి పైన ఫొటో లేదు.

అప్పుడు వెతికినవన్నీ చెబుతాను. పంపినవాళ్లు అందరికీ కనబడకుండా తీసేస్తే, తీసేశారన్న వాక్యం మిగులుతుంది, అది లేదు. ఒక్కసారే చూసే ఫొటో అయితే తెరిచిన గుర్తు ఉంటుంది, అదీ లేదు. వాటంతటవే మాయమయ్యే అమరిక మా చాట్‌లో పెట్టలేదు. గ్యాలరీలోంచి పోతే చాట్‌లో మసకగా చదరం మిగలాలి. గ్యాలరీ చెత్తబుట్ట ఖాళీ. నేనే పొరపాటున నా వైపు తీసేశానేమో అనుకుందామంటే, బావ ఫోన్లో ఉండాలి కదా. అక్కడా లేదు. చివరికి శుక్రవారం రాత్రి తయారైన బ్యాకప్‌ను వేరే ఫోన్లో ఎక్కించాను. వాయిస్ వచ్చింది. ఫొటో రాలేదు.

"ఏ పుస్తకంల చూసినవో. పనికొచ్చేదే, యాదికుంచుకుంట" అన్నాడు బావ.

పరీక్ష రోజు కంపెనీ వ్యాను మరమ్మతులో ఉందని, బయటి నుంచి కిరాయి వ్యాను తెచ్చారు. పరీక్షకు వెళ్లేవాళ్లు బావతో కలిపి కొందరు. వాళ్లలో మా జిల్లా మద్నూర్‌కు చెందిన ఒక పెద్దాయన ఉన్నాడు. మరాఠీ మాట్లాడే మనిషి, అందరూ కాకా అనేవారు. దారిలో ఇంజన్ వేడెక్కి వ్యాను ఆగిపోయింది. డ్రైవర్ బానెట్ ఎత్తాడు. కుడివైపు తలుపు నుంచి అందరూ దిగారు. ఎండ మండిపోతోంది. అలవాటుగా వ్యాను ముందు నీడలో చేరారు.

బావ కూడా కూర్చోబోయి తలెత్తితే, పైన నీలం డ్రమ్ము కనబడిందట. గబగబా రెయిలింగ్ దాటి, అందరినీ పిలిచాడు.

"అగో, లైసెన్స్ రాకముందే మాస్టర్ అయిండు!" అని ఒకడు నవ్వాడు.

"నవ్వుకోండ్రి గని ఇటు రాండ్రి. కాకా, లెవ్వు."

సణుగుతూనే డ్రైవర్‌తో సహా ఒక్కొక్కరు వచ్చారు. కాకా మాత్రం టోపీతో విసురుకుంటూ, "పరీక్షల అడిగితే చెప్త బేటా. గీ ఎండల నా నీడ నాకియ్యి" అన్నాడు.

బావ ఆయన్ను చేయి పట్టుకుని లేపుదామని రెయిలింగ్ మీద కాలు వేశాడు. అంతలోనే వెనక నుంచి లారీ వచ్చి వ్యానును గుద్దింది.

కాకా శవపేటిక హైదరాబాదు దాకా విమానంలో, అక్కడి నుంచి మద్నూర్‌కు అంబులెన్సులో వచ్చింది. నేను వెళ్లాను. ఆయన కొడుకు పక్కన చేతులు కట్టుకుని నిలబడి వచ్చేశాను.

లారీ గుద్దకముందు, బావతో వ్యానులో వెళ్లినవాళ్లలో ఒకతను, ఆలస్యానికి రుజువుగా సూపర్‌వైజరుకు చూపించడానికి ఫోన్లో ఫొటో తీశాడట. బావ దాన్ని నాకు పంపాడు. తెల్ల వ్యాను. లేపిన బానెట్. నీలం డ్రమ్ము. రెయిలింగ్ అవతల మనుషులు. ముందు నీడలో కాకా. నేను చూసిన బొమ్మ ఇదేనని ఒట్టేసి చెప్పలేను, పక్కన పెట్టి పోల్చడానికి ఆ బొమ్మ నా దగ్గర లేదు. ఉన్నది నా గొంతు మాత్రమే. దాని మీది తేదీ ప్రమాదానికి ముందుది.

బావ స్కూల్లో మాస్టరును అడిగాడు. బండి చెడిపోతే ఏం చేయాలన్న పాఠం ఉంది, ప్రశ్నలూ ఉన్నాయి. కానీ జవాబుల్లో 'బండి నీడలో కూర్చోవాలి' అన్నది ఎక్కడా లేదట. "అలా ఎవరు రాస్తారు? అలా ఎవరు కూర్చుంటారు?" అన్నాడట ఆ మాస్టరు.

ప్రమాదం వల్ల ఆ రోజు వెళ్లలేకపోయిన పరీక్షను కంపెనీ లెక్కలో వేసుకోలేదు. మళ్లీ తేదీ తీసుకున్నారు. ఈసారి బావ ఫొటోలు పంపలేదు. ఫోన్ చేసి, ఒక్కో హిందీ మాటనూ కూడబలుక్కుంటూ చదివి వినిపించాడు. రాతపరీక్ష నెగ్గాడు, తర్వాతవీ నెగ్గాడు. ఇప్పుడు పికప్ నడుపుతున్నాడు. అక్క చెప్పగానే దుకాణంలో అందరికీ చాయ్ తెప్పించాను.

కానీ ఒకటి నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఎవరు పంపినా, ఎక్కడి నుంచి పంపినా, ఆ ఫొటో నాకే ఎందుకు వచ్చింది? మద్నూర్‌లో కాకా కొడుక్కి కూడా ఫోన్ ఉంది.

బావ చాట్‌లో ఫొటోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా అమరిక మార్చేశాను. ఏదైనా వస్తే మసకగా కనబడుతుంది. ముందు బావకు ఫోన్ చేసి, పంపింది తనేనా అని అడుగుతాను. ఆయన అవునన్నాకే దాన్ని నొక్కుతాను.