నేలకానించి నరకండి

ఆ ఏడు చెరకు కొట్టే ముఠావాళ్ళు వంగలేక జానెడు మోళ్ళు వదిలేస్తున్నారు. తీపంతా మొదట్లోనే ఉంటుంది. పైగా ఎత్తు మోడు మీద లేచిన పిలకకు వేరు నేలకు అందదు. మళ్ళీ నాటకుండా ఆ మోళ్ళ నుంచే రావలసిన మరుసటి ఏటి కార్శి తోట దెబ్బతింటుంది.

"నేలకానించి నరకండి," అన్నాను.

"నడుములు ఇరిగిపోతాయక్కా. అట్టయితే మేం పోతాం," అన్నాడు మేస్త్రి.

"లారీ వచ్చేసిందే, ఎట్టనో కొట్టనీ," అని మా ఆయన బతిమాలాడు.

"పోతే పోనీ. నా కార్శి మాత్రం పోనీను."

తోడికోడలూ నేనూ కత్తులు పట్టి వంగాము. ఒక సాలు అయ్యేసరికి మేస్త్రి వచ్చాడు.

"జరగక్కా, మా కత్తులకు సిగ్గేస్తా ఉండాది."

"జరగను. పక్క సాలు పట్టుకో, నేలకానించి," అన్నాను.