తెల్ల గట్టుకు నాలుగో మూల

మా ఇస్సాక్ భాయ్ సంగతి ఎవరైనా అడిగితే నాకు ముందు చిరాకొస్తుంది, ఆ తర్వాతే మాట వస్తుంది. అంత మంచితనం ఎవడు చూపించమన్నాడయ్యా అనిపిస్తుంది. ఆయన బెజవాడలో వంటగట్లకు రాళ్లు కోసి బిగించే మేస్త్రీ. నా పేరు ఆమోసు. పద్నాలుగేళ్లు ఆయన పక్కన నడిచాను. ఆయన పలకకు ఒక కొస పట్టుకుంటే రెండో కొస నాది.

ఆయనది మైలవరం. మీసాలు రాకముందే బెజవాడ వచ్చి మొజాయిక్ నేలలు రుద్దే మిషన్ మీద చేరాడు. తర్వాత కడప బండలు, తర్వాత పాలరాయి, ఆ తర్వాత గ్రానైటు. ఊరు ఏ రాయి అడిగితే ఆ రాయి పట్టుకున్నాడు. పొడిగా కోసిన రోజుల్లో పీల్చిన దుమ్మంతా ఛాతీలోనే ఉండిపోయింది. నలభై ఏడేళ్లకే రెండంతస్తులెక్కితే ఒకసారి కూర్చోవాలి. నాకేమో ఒళ్లు మండేది. 'ముక్కుకు గుడ్డ కట్టుకోవచ్చుగా భాయ్' అంటే, 'ఇప్పుడు కడితే పాతది బయటికొస్తుందా?' అనేవాడు.

పాలరాయంటే ఆయనకు భయం. తొంభై నాలుగులో గన్నవరంలో ఒక ఇంటికి తెల్లటి పాలరాతి గట్టు వేశాడు. అద్దంలా ఉందని ఆ ఇల్లాలు మురిసిపోయింది. నెల తిరక్కుండా నిమ్మకాయ కోసిన చోటల్లా మెరుపు పోయి మచ్చలు, చింతపండు గిన్నె పెట్టిన చోట గుండ్రటి గీత, పసుపు పడ్డచోట పసుపు. తుడిస్తే పోయేవి కావు. పులుపు ఆ రాయిని తినేస్తుంది, తుడుపుకు ఏం పోతుంది? ఆయన మళ్లీ వెళ్లి రెండు రోజులు రుద్ది పాలిష్ పెట్టాడు. మళ్లీ నెలకి అదే కథ. అప్పటినుంచి వంటింటికి పాలరాయి అడిగినవాళ్లని చేతులు పట్టుకుని బతిమాలి గ్రానైటుకు మళ్లించేవాడు.

రెండువేల ఏడులో మా సాంబమూర్తి గారి షాపుకి క్వార్ట్జ్ వచ్చింది. షాపు ఆటోనగర్ దగ్గర, మేమిద్దరం అక్కడి మేస్త్రీలం. క్వార్ట్జ్ గనిలోంచి వచ్చిన రాయి కాదు. రాతి పొడిని గమ్ముతో కలిపి ఒత్తి పలకలుగా చేసింది. పాలరాయిలా తెల్లగా ఉంటుంది, పాలరాయిలా మచ్చపడదు. పటమటలో కొత్త ఫ్లాటు కొన్న దేవేంద్ర గారు, ఆయన భార్య నాగవేణి గారు షాపుకొచ్చినప్పుడు, ఇస్సాక్ భాయ్ మూడు ముక్కలు వరసగా పెట్టాడు. పాలరాయి, నల్ల గ్రానైటు, తెల్ల క్వార్ట్జ్. మూడింటి మీదా నిమ్మరసం పిండాడు, పసుపు కలిపిన నూనె పూశాడు. రేపు రమ్మన్నాడు.

మర్నాడు తడిగుడ్డతో తుడిచి చూపించాడు. పాలరాయి గరుకెక్కి పచ్చబడింది. గ్రానైటు మీద ఏమీ లేదు. క్వార్ట్జ్ మీద నిమ్మరసం జాడే లేదు, పసుపు మాత్రం లేతగా మిగిలితే సబ్బునీళ్లతో పోయింది. దేవేంద్ర గారు అక్కడికక్కడే 'తెల్లదే ఖాయం' అనేశారు.

"తెల్లదే వేసుకోండి, కాకపోతే ఒక్క మాటండీ," అన్నాడు ఇస్సాక్ భాయ్. "ఇందులో గమ్ముంటుంది. మంట మీంచి దించిన గిన్నె దీని మీద తిన్నగా పెట్టకూడదు. గమ్ము మాడి మచ్చపడుద్ది, ఒకోసారి పగులుద్ది కూడా. గ్రానైటైతే చాలావరకు ఓర్చుకుంటుంది."

కాలిన పెనం ఒకటి తెచ్చి చూపిస్తానని లేచాడు. సాంబమూర్తి గారు కళ్లతోనే కూర్చోబెట్టారు. కొనడానికొచ్చిన మనిషి ముందు సరుకు కాల్చి చూపిస్తామా అని ఆయన బాధ. నాగవేణి గారు మాత్రం శ్రద్ధగా తల ఊపారు. "గిన్నె పెట్టనండీ, కింద చెక్క పెట్టుకుంటాను," అన్నారు.

పని నాలుగో అంతస్తులో. స్టవ్వు దిగడానికి పలకలో పెద్ద కంత కోయాలి. ఆ కంతకు నాలుగు మూలలు. మూలలో ముందు డ్రిల్లుతో గుండ్రటి బెజ్జం వేసి, బెజ్జం నుంచి బెజ్జానికి కట్టరుతో కోస్తే మూల గుండ్రంగా వస్తుంది. అలా కాకుండా కట్టరు నేరుగా మూల దాకా లాగితే, చక్రం గుండ్రం కాబట్టి రాయి అడుగు తెగేసరికి పైన గీత మూల దాటి పోతుంది. ఆ దాటిన చీలికలోంచే రాయి తర్వాత ఎప్పుడో పగులుతుంది. ఇది మేస్త్రీలందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఇస్సాక్ భాయ్ మూడు బెజ్జాలు వేశాక దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. "నాలుగోది నువ్వు వెయ్యి ఆమోసూ," అని మెట్ల మీద కూర్చోవడానికి వెళ్లాడు. డ్రిల్లు బిట్టు అరిగిపోయింది, నీళ్లు పోసినా కీచుమంటూ తిరుగుతోంది తప్ప దిగడం లేదు. కరెంటు పోయే వేళయింది. నాకు విసుగొచ్చింది. కట్టరు తీసుకుని రెండు వైపుల నుంచీ లాగేశాను. రెండు గీతలూ మూల దాటి వేలి కణుపంత పోయాయి. తెల్ల గమ్ముతో పూడ్చి రుద్దేశాను, కంటికి కనపడదు.

"బెజ్జం వేశావా?" ఆయన తిరిగొచ్చి అడిగాడు.

"వేశాన్లే భాయ్," అన్నాను.

నేను అబద్ధం చెప్తానని ఆయన ఎందుకనుకుంటాడు? సామాను సర్దుకున్నాం.

గృహప్రవేశం రోజున స్టవ్వు ఇంకా బిగించలేదు, గ్యాసు కనెక్షన్ రాలేదు. పాలు పొంగించాలిగా. దేవేంద్ర గారి తల్లి చౌడేశ్వరమ్మ గారు పాతకాలం మనిషి. గట్టు మీద, కంతకు పక్కనే, మూడు ఇటుకలు పెట్టించి, మధ్యలో పిడకలు, కర్రపేళ్లు, కర్పూరం వేయించారు. నాగవేణి గారు కొత్త ఇత్తడి గిన్నె ఇటుకల మీద పెట్టి పాలు పోశారు. గిన్నె రాయికి తగలనేలేదు. నిప్పు మాత్రం రాయి మీదే. పాలు పొంగి ఆ కాలిన రాయి మీద పడ్డాయి. తర్వాత ఎవరో నిప్పు ఆర్పుతామని చెంబెడు నీళ్లు పోశారు. టక్‌మని శబ్దం వచ్చింది.

మధ్యాహ్నానికి మాకు కబురు. సాంబమూర్తి గారితో కలిసి వెళ్లాం. ఇంకా తోరణాలు అలానే ఉన్నాయి. బూడిద తుడిచిన చోట గోధుమ రంగు మాడు, కంత మూల నుంచి గట్టు ముందంచు దాకా వెంట్రుక లాంటి బీట. ఏ మూలా అని చూశాను. అది నాలుగోది.

నాగవేణి గారు గుమ్మం పక్కన నిలబడి ఉన్నారు. ఇంకా పట్టుచీరలోనే ఉన్నారు, కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఈవిడ చేతిలోనే పగలాలా!" అంటున్నారు చౌడేశ్వరమ్మ గారు. "పొయ్యి వెలిగించిన మొదటిరోజే పొయ్యిగట్టు రెండు ముక్కలు. ఇంక ఈ ఇంట్లో అన్నం ఉడికినట్టే."

"గిన్నె పెట్టొద్దన్నారు, నేను పెట్టలేదండీ," అన్నారు నాగవేణి గారు మా వైపు చూసి. "ఇటుకల మీదే పెట్టాను."

దేవేంద్ర గారు అటు తల్లికీ ఇటు భార్యకీ చెప్పలేక కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

సాంబమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "మా మేస్త్రీ ముందే చెప్పాడండీ, వేడి తగలకూడదని. ఇందులో షాపుది ఏమీ లేదు. నిప్పు పెట్టింది మీరే కదా."

అది అబద్ధం కాదు. ఆ మంటకు గమ్ము మాడింది, కాలిన చోట చల్లనీళ్లు పడితే రాయి చిట్లింది. ఇస్సాక్ భాయ్ ఊరుకుంటే చాలు, అందరం ఇంటికెళ్లిపోతాం. ఆ అమ్మాయి మాత్రం జన్మంతా ఆ మాట పడుతుంది.

ఆయన వంగి కంత మూలల్లో వేలు పెట్టాడు. మొదటిది, రెండోది, మూడోది. నాలుగో దాంట్లో వేలు ఆగిపోయింది. గోటితో గీకితే గమ్ము పొట్టులా లేచింది. కింద చీలిక. తలెత్తి నా వైపు ఒక్కసారి చూశాడు. నేను తోరణాల వైపు తల తిప్పుకున్నాను. ఇప్పుడు చెప్పరా అని లోపల ఎవరో గుంజుతున్నా అటే చూస్తూ నిలబడ్డాను.

"అమ్మా, మీరేం బాధపడకండి," అన్నాడు నాగవేణి గారితో. "మాడు మచ్చ నిప్పుది. బీట మాత్రం నా చేతి తప్పు. మూలలో బెజ్జం వేయకుండా కోసేశాను. ఇలా చీలిన మూల పెట్టుకుని ఈ రాయి మంటకి ఆగదు. గ్రానైటు అయినా ఆగేదో లేదో చెప్పలేను." తర్వాత చౌడేశ్వరమ్మ గారి వైపు తిరిగాడు. "పెద్దమ్మగారూ, ఇది రాయి కోయడం రాకపోతే వచ్చే బీట. దీనికీ కోడలి చేతికీ సంబంధం లేదు. నాది తప్పు, నన్ను తిట్టండి."

ఆవిడ నిజంగానే తిట్టారు. ఆయన తల దించుకుని విన్నాడు. నాగవేణి గారు వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఆయనకిచ్చారు.

సాంబమూర్తి గారు షాపు ఖర్చుతో నల్ల గ్రానైటు వేయించారు. మర్నాడు ఇస్సాక్ భాయ్‌ని ఇక రావద్దన్నారు. కస్టమరు ముందు షాపు పరువు తీసినవాడు నాకెందుకన్నారు. హెడ్ మేస్త్రీని నన్ను చేశారు. నేను వద్దనలేదు. వద్దంటే కారణం చెప్పాలి కదా.

ఆయన కొండపల్లి దారిలో ఒక రాళ్ల డిపోలో కూర్చుని పలకలు ఏరే పనికి కుదిరాడు. ఎక్కువ ఎక్కనక్కర్లేదు, దిగనక్కర్లేదు. ఎప్పుడైనా కనపడితే "పని ఎలా ఉంది ఆమోసూ?" అనేవాడు. ఆ మాట చాలు, నాకు ఆ పూట అన్నం సయించేది కాదు.

రెండేళ్ల తర్వాత ఇస్సాక్ భాయ్ వాళ్లింట్లో వంటగట్టు మీది పాత కడప బండ కుంగిపోయిందని తెలిసి, ఒక నల్ల గ్రానైటు పలక పట్టుకెళ్లాను. సింకు కంత కోశాను. నాలుగు మూలలకీ నాలుగు బెజ్జాలు, ఒక్కోటి రెండుసార్లు చూసుకుని మరీ వేశాను. ఆయన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. పలక గట్టు మీద బిగించడం అయిపోయాక లేచి వచ్చి మూలల్లో వేలు పెట్టాడు. నాలుగో దాంట్లో కొంచెం ఎక్కువసేపు ఉంచాడు.

ఇంక నావల్ల కాలేదు. "భాయ్, పటమటలో ఆ మూల నేను కోశాను. బెజ్జం వేశానని నీకు అబద్ధం చెప్పాను," అన్నాను.

"తెలుసు," అన్నాడాయన దగ్గుతూనే. "నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నా."

ఆయన భార్య జహీదక్క పొయ్యి దగ్గరే ఉంది. నేను ఆ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ తమ్ముడూ తమ్ముడూ అంటూ టీ ఇవ్వందే పంపేది కాదు. ఆమెకి ఈ సంగతి అప్పటిదాకా తెలీదు. భర్త చేతి తప్పుకే పని పోయిందనుకుని రెండేళ్లు సర్దుకుంది. ఆమె నా వైపు చూడకుండా, మంట మీది పెనం దించి కొత్త రాయి మీద తిన్నగా పెట్టింది. పక్కనే టీ గ్లాసు పెట్టి లోపలికెళ్లిపోయింది.

రాయికి ఏమీ కాలేదు. ఆమె మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ నన్ను తమ్ముడూ అని పిలవలేదు.