ఆ చేతులు నావి కావు

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం వింటే ఈ టీ మీరు నా చేతికివ్వరు, మొహాన పోస్తారు. చనిపోయిన మనిషిని నాలుగు రిపేర్లకి ఒప్పించేశాను. అందులో ముందు ఏది చేయాలో జనం చేత ఓట్లు కూడా వేయించాను.

ముందు మా ఛానల్ సంగతి చెప్పాలి. బందరులో నా జిరాక్స్ షాపు ముందు అరుగు మీద సుభాన్ మావయ్య కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. చుట్టరికం ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి మావయ్య అంటే మావయ్యే, వాళ్ళావిడ మెహర్ అత్తయ్య. షాపులో గిరాకీ లేనప్పుడు ఆయన పని ఫోన్‌లో తీసి, దానికి నా గొంతు తగిలించి అప్‌లోడ్ చేయడం మొదలుపెట్టాను. మావయ్యకి కెమెరా అంటే మహా సిగ్గు. మొహం చూపించనన్నాడు, మాట్లాడనన్నాడు. చేతులు మాత్రం తీసుకోమన్నాడు. దాంతో వీడియోలో కనపడేవి ఆయన చేతులు, వినపడేది నా గొంతు. చూసేవాళ్ళు రెండూ ఒకడివే అనుకున్నారు. "అన్నా, మీ చేతిలో ఏదో ఉందన్నా" అని కామెంట్లు వచ్చేవి. నేను చదివి వినిపిస్తే మావయ్య నవ్వి, "పోనీలేరా, నీ చేతులకి ఇన్నాళ్ళకి మంచి పేరొచ్చింది" అనేవాడు. నా చేతులతో నేను ఏనాడూ పేపర్ ట్రే తప్ప ఏదీ సరిగ్గా పెట్టలేదని ఆయనకి తెలుసు.

మా ఆఖరి షూటింగ్ దివిసీమలో. పాలకాయతిప్ప దగ్గర ఒకావిడ చేపల బుట్టలమ్ముకుంటూ, తీరిక దొరికితే పిల్లల గౌన్లు కుట్టుకుంటుంది. ఉప్పుగాలికి ఆవిడ మిషన్ మొత్తం బిగుసుకుపోయింది. చక్రం కదిలితే ఒట్టు. మావయ్య సందుసందునా కిరసనాయిలు వేసి, బీడీ కాల్చుకుంటూ కూర్చుని, తర్వాత చక్రాన్ని ఇటు కొంచెం అటు కొంచెం ఊపుతూ వదులు చేశాడు. బలం పెట్టలేదు. తిరిగాక మిషన్ నూనె వేశాడు. అది తిరిగినప్పుడు ఆవిడ ఏడ్చేసింది. మావయ్య కూడా కళ్ళు తుడుచుకున్నాడు, కానీ నా కెమెరాలో చేతులే ఉన్నాయి.

వచ్చాక ఎప్పటిలాగే ఎడిట్ చేసి, వీడియోని ఆదివారం పొద్దుటికి షెడ్యూల్ చేశాను. అరగంట తర్వాత వచ్చేలా కమ్యూనిటీ పోస్టు కూడా షెడ్యూల్ చేశాను. పోస్టు ముందు వస్తే లింకు నొక్కినవాళ్ళకి వీడియో ప్రైవేట్ అని వస్తుంది, అందుకని ఆ జాగ్రత్త. ఆ పోస్టులో వీడియో లింకు, కింద ఒక పోల్, తర్వాత ఏ టాపిక్ కావాలో కామెంట్లో చెప్పమని ఒక మాట. వీడియోల కంటే ఈ పోస్టులే మా ఛానల్‌ని నడిపించాయి. జనం ఏది అడిగితే మావయ్య అదే చేసేవాడు.

ఆ వారంలోనే మావయ్య పోయాడు. గుడివాడ వెళ్ళి స్పేర్ పార్ట్స్ తెచ్చుకుంటూ బస్సులో గుండె పట్టుకున్నాడట. బందరు బస్టాండులో దించేసరికే లేడు. ఒళ్ళో సంచి, అందులో బాబిన్ కేసులు అలాగే ఉన్నాయి.

ఖననం అయ్యాక అత్తయ్య నన్నొక్కటే అడిగింది. ఆవిడ ఇద్దత్‌లో, అంటే భర్త పోయాక పరాయి మగవాళ్ళ ఎదుటికి రాని గడువులో ఉంది కాబట్టి లోపలి గది గుమ్మానికి కర్టెన్ వేశారు, దాని వెనక నుంచే మాట్లాడింది.

"భాస్కరూ, ఇన్నాళ్ళూ ఆ చేతులు నీవే అనుకున్నారు. ఇప్పుడైనా చెప్పవా, అవి మీ మావయ్యవని?"

చెప్తానన్నాను. ఇంటికెళ్ళి ఏడుస్తూనే ఆ వీడియో కింద వివరణలో అంతా రాశాను. ఈ చేతులు సుభాన్ గారివి, ఇది ఆయన ఆఖరి వీడియో అని. బాగా రాశాననుకున్నాను కూడా. వివరణ ఎవరైనా చదువుతారా? అది మడతపడి ఉంటుంది, 'మరిన్ని' అని నొక్కితే గానీ తెరుచుకోదు. ఇక షెడ్యూల్ చేసిన పోస్టు సంగతి సుబ్బరంగా మర్చిపోయాను. వీడియో పేజీలో అది కనపడదు. పోస్టుల్లోకి వెళ్ళి, షెడ్యూల్డ్ అనే చోట వెతికితేనే ఉంటుంది. నేను వెతకలేదు.

ఆదివారం వాళ్ళింట్లో ఖురాన్ చదువుతున్నారు. నేను ఒక పక్కగా కూర్చున్నాను. చదవడం అయిపోయి అందరూ నిశ్శబ్దంగా ఉన్న సమయంలో లోపలి గదిలో అత్తయ్య ఫోన్ టింగుమంది. ఆ వెంటనే ముందు గదిలో పెద్ద మావయ్య ఫోన్ కూడా. ఈయన సుభాన్ మావయ్య అన్న, గుడివాడ నుంచి వచ్చాడు. ఇద్దరూ కొత్తది ఏదొచ్చినా ఫోన్ మోగేలా మా ఛానల్‌కి గంట నొక్కి పెట్టుకున్నవాళ్ళు. మావయ్యే దగ్గరుండి నొక్కించాడు.

పెద్ద మావయ్యకి కళ్ళజోడు పెట్టుకుని ఏదైనా పైకి చదివే అలవాటు. చదివాడు.

"కొత్త వీడియో వచ్చేసింది. బిగుసుకుపోయిన మిషన్ మళ్ళీ తిరిగింది. తర్వాత నేను ఏం బాగుచేయాలి? ఓటేయండి, కామెంట్లో చెప్పండి. మీరు అడిగితే ఎక్కడున్నా వచ్చి చేస్తాను."

పెద్ద మావయ్య కళ్ళజోడు తీసి, నా వైపు చూసి మెల్లగా అడిగాడు. "ఎక్కడి నుంచి వస్తాడంట బాబూ?"

భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. అందరూ నావైపే చూస్తున్నారు. ఫోన్ తీశాను. పోల్ ఆప్షన్లు మార్చడానికి లేదు. 'దారం ఎందుకు తెగుతుంది', 'కింద కుట్టు ఎందుకు వదులు', 'సూది ఎందుకు విరుగుతుంది', 'పాత మిషన్‌కి మోటారు'. నాలుగింటికీ గబగబా ఓట్లు పడుతున్నాయి. డిలీట్ చేద్దామని మూడు చుక్కలు నొక్కాను.

"ఆగు," అంది అత్తయ్య కర్టెన్ వెనక నుంచి. "తీసెయ్యకు. ఏమడుగుతున్నారో చదువు."

చదివాను. ఒకావిడ మందపాటి గుడ్డ కుడితే కుట్టు దాటేస్తోందట. ఇంకొకావిడ అమ్మగారి మిషన్ శబ్దం చేస్తోందట, ఎక్కడ నూనె వేయాలో చూపించమంది. ఒక్కోదానికీ అత్తయ్య లోపల నుంచి "అది ఆయనకి నిమిషం పని" అనీ, "దానికి ఆయన దగ్గర పార్టు ఉండేది" అనీ అంటూనే ఉంది. తర్వాత ఒకటి వచ్చింది. చదవకుండా దాటేద్దామనుకున్నాను, పెద్ద మావయ్య పక్క నుంచి చూసి తనే చదివేశాడు.

"అన్నా, మీ చేతులు చల్లగా ఉండాలి."

"మళ్ళీ నీకే వెళ్ళిందిరా దీవెన," అంది అత్తయ్య. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అప్పుడు ఆవేశం వచ్చింది. అక్కడే కూర్చుని కామెంట్ రాశాను. ఆ చేతులు మీరు అన్నా అంటున్న మనిషివి కావు, సుభాన్ గారివి, ఆయన చనిపోయారు, అన్న కేవలం మాట్లాడేవాడు అని. పైన అందరికీ కనపడేలా పిన్ చేద్దామని చూస్తే పిన్ అనే మాటే రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచించే తెలివి నాకు అప్పుడు లేదు. ఈలోపు కింద జవాబులు మొదలయ్యాయి.

"ఎవడ్రా నువ్వు? బతికున్న మనిషి మీద ఇలాంటివి రాస్తావా?"

"రిపోర్ట్ కొట్టండి వీణ్ణి."

"అన్న మీద ఏడుపు. నీకు సూదిలో దారం ఎక్కించడం వచ్చా?"

రాదు. నిజంగానే రాదు. విషయం ఏంటంటే, నా ఫోన్‌లో ఛానల్ అకౌంట్ కాకుండా సొంత అకౌంట్ తెరిచి ఉంది. నా ఛానల్లో నేనే ఎవడో దారినపోయేవాడిలా దూరి, నా మీద నేనే నింద వేసి, నా అభిమానుల చేత నేనే తిట్లు తిన్నాను. పెద్ద మావయ్య అవన్నీ ఓపిగ్గా పైకి చదివాడు. కర్టెన్ వెనక ఒక శబ్దం వచ్చింది. ఏడుస్తోందనుకుని లేచాను. కాదు, నవ్వుతోంది. మావయ్య పోయాక మొదటిసారి. నవ్వుతూనే ఏడుపులోకి వెళ్ళిపోయింది, ఇంట్లో ఆడవాళ్ళు లోపలికి పరిగెత్తారు.

తర్వాత ఛానల్ అకౌంట్‌లోకి మారి, ఆ చేతులు మా సుభాన్ మావయ్యవి, ఆయన ఇక లేడు అని పోస్టు మాటల్ని ఎడిట్ చేశాను. అదే సంగతి కామెంట్‌గా కూడా రాసి పిన్ చేశాను. ఈసారి నమ్మారు. తిట్టినవాళ్ళు తిట్లు తీసేసుకుని క్షమించమన్నారు. కానీ పోల్ అలాగే ఉంది కదా, చదవకుండా నొక్కేవాళ్ళు నొక్కుతూనే ఉన్నారు. 'దారం ఎందుకు తెగుతుంది' గెలిచింది.

"అడిగారు కదా, చెయ్యి," అంది అత్తయ్య. "అడిగినవాళ్ళని ఆయన ఎప్పుడూ ఖాళీగా పంపలేదు."

నాకు రాదన్నాను. వినలేదు. మావయ్య సొంత మిషన్ ముందు గదిలో పెట్టించింది. ఫోన్ స్టాండ్‌కి పెట్టి, మొదటిసారి నా చేతుల మీదకి తిప్పాను. దారం ఎక్కించి తొక్కాను. టప్పున తెగింది. మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ తెగింది. లోపల నుంచి అత్తయ్య, చూడకుండానే, "సూది తిరగేసి పెట్టుంటావు, తీసి పెట్టు" అంది. తీసి చూస్తే నిజమే. అన్నేళ్ళు ఆ చప్పుడు పక్కనే వంట చేసుకున్న మనిషి కదా. సూది సరిచేసి తొక్కితే కుట్టు పడింది, వంకరగా. వంకరగానే అప్‌లోడ్ చేశాను, తెగినవన్నీ ఉంచేసి. పైన ఒక మాట పెట్టాను, ఈసారి చేతులు నావే అని.

కాసేపటికి మొదటి కామెంట్ వచ్చింది. అత్తయ్య చదవమంది. కర్టెన్ దగ్గరికి జరిగి చదివాను.

"అన్నా, ఏమనుకోవద్దు. ఈ చేతులు వద్దు. మాకు సుభాన్ మావయ్య చేతులే కావాలి."

"ఇంకోసారి చదువు," అంది.

చదివాను. ఆయన పేరు దగ్గర నా గొంతు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ వీడియోల్లో నిజంగా నాది ఆ గొంతు ఒక్కటే, అది కూడా ఆ రోజు పనిచేయలేదు. ఆ కామెంట్‌కి హార్ట్ కొట్టి పిన్ చేశాను. ఈసారి ఏ అకౌంట్‌లో ఉన్నానో రెండుసార్లు చూసుకుని మరీ చేశాను.