మల్లక్క యోగాకు పోయిన దోవ

ముదిగుబ్బ బస్టాండు పక్కన రేకుల కొట్టంలో ఉగ్గాని, బజ్జీ అమ్మే మల్లీశ్వరిని ఊరంతా మల్లక్క అనే పిలుస్తారు. మొదటి బస్సు హారను కొట్టకముందే ఆమె బొరుగులు తడిపి, మిరపకాయలు చీల్చి, పొయ్యి ముట్టించి ఉంటుంది. బస్సు దిగినవాడు ఎవరైనా సరే, విస్తట్లో ఉగ్గాని పడేలోపల వాడి ఊరూ పేరూ, వచ్చిన పనీ, ఆ పని అవుతుందో లేదో కూడా ఆమెకు తెలిసిపోవాలి. తెలియకపోతే బజ్జీ ఆలస్యమవుతుంది.

అంత గట్టి మనిషికి ఉన్న కొరత ఒక్కటే. నిద్ర పట్టదు. వరసగా రెండేళ్లు వానలు మోసం చేసి, బోరు ఎండి, చెనిక్కాయల చేను బీడుపడ్డాక సంసారమంతా ఆ కొట్టం మీదే పడింది. అప్పటినుంచీ ఆమె కళ్ళు మూసుకున్నా లోపల మనిషి మేలుకొనే ఉంటోంది. ధర్మవరంలో డాక్టరు నిద్రమాత్ర రాసిచ్చాడు. ఒక మాత్ర కాస్తా రెండయింది. ఒకరోజు బజ్జీలు వేస్తూ వేస్తూ కునుకు తీసింది. బాణలి పక్కకు ఒరిగి మణికట్టు మీద నూనె చిందింది. ఇంకాస్త ఒరిగివుంటే ముఖమే.

డాక్టరు కట్టు కడుతూ, "మాత్రలు పెంచుకుంటా పోతే లాభం లేదమ్మా. ఓ వారం యాడైనా ఉండి యోగా, ధ్యానం నేర్చుకో. వచ్చినాక మాత్రలు మెల్లగా తగ్గిద్దాం" అన్నాడు.

మల్లక్క చెవికి ఆ మాటల్లో 'యోగా' ఎక్కింది. 'మెల్లగా' ఎక్కలేదు.

ఇక ఆ పొద్దు నుంచి ఉగ్గాని తినవచ్చిన ప్రతివాడికీ ఒకటే ప్రశ్న. "ఏమప్పా, యోగా నేర్పిచ్చే తావు యాడుండాది? తిండి ఎట్ల పెడతారు? దుడ్లెంత?" వారం తిరక్కుండానే రెండు చోట్ల సంగతి తేలింది. మొదటిది గోరంట్ల దిక్కున కొండకింద చిన్న యోగాశ్రమం. వారం రోజులు ఉండాలి, గదికీ తిండికీ కలిపి రోజుకు నూటిరవై. పొద్దున, సాయంత్రం ఆసనాలు, మధ్యలో ప్రాణాయామం, రాత్రికి రాగిజావో చపాతీయో పెడతారు. రెండోది గార్లదిన్నె అవతల ధ్యానకేంద్రం. పదిరోజులు, ఆసనాలు లేవు, కూర్చోవడమే. నోరు తెరవకూడదు. డబ్బు మాత్రం అడగరు.

"డబ్బు అడగని తావే మేలు" అన్నాడు మొగుడు సోమప్ప, టీ వడపోస్తూ. "అయినా పదినాళ్లు నోరు మూసుకునుంటావా నువ్వు? ఆడ గోడలకే జరమొస్తాది."

"మూసుకుంటా. చూస్తాండు."

"నువ్వు మూసుకుంటే ఈ కొట్టం నీ పేరున రాసిస్తా."

"ఇప్పుడెవరి పేరున ఉండాదో పంచాయతీకి పోయి చూడుపో" అంది మల్లక్క. టీ తాగుతున్నవాళ్ళు పొలమారేదాకా నవ్వారు.

అలా పంతం మీద గార్లదిన్నె ఖాయమైంది. అయితే మేక పళ్ళు చూడకుండా బేరం కుదుర్చుకునే రకం కాదు మల్లక్క. ముందుగా పోయి తావు చూసి రావాలనుకుంది. తోడుకు ముంతాజ్‌ను పిలిచింది. కొట్టానికి ఎదురుగానే ముంతాజ్ కుట్టుమిషను. ఇద్దరికీ పాతికేళ్ల స్నేహం, పాతికేళ్ల కీచులాట.

బయలుదేరకముందే ఒక సంగతి జరిగింది. కదిరి నరసింహసామి రథానికి పోయేముందు ఆ పక్క ఆడవాళ్ళు ఒక్కపొద్దులుంటారు. ఉల్లి మానేస్తారు, మంచం దిగి చాపమీద పడుకుంటారు. దేవుడి దగ్గరకు పోయే మనిషి దారిలోనే శుభ్రం కావాలని లెక్క. ధ్యానానికి పోవడమూ అంతే కదా అనుకుంది మల్లక్క. తావు చూడబోయే మూడునాళ్ల ముందే ఉల్లి మానింది, మంచం దిగింది, ఆకూవక్కా మానింది. వాటితోపాటు ఆ రెండు మాత్రలు కూడా మానింది. పసుపుగుడ్డలో ముడుపు కట్టినట్టు మాత్రల అట్టను మూట కట్టి దేవుడి గూట్లో పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే ఫలం పోతుందని భయం.

మూడు రాత్రులు చాపమీద బొమ్మలా కూర్చుంది. నాలుగోనాడు బస్సెక్కేటప్పటికి చేతివేళ్ళు సన్నగా వణుకుతున్నాయి, గుండె దడదడలాడుతోంది. "దీక్ష పట్టిందిలే" అని సర్దిచెప్పుకుంది.

ధ్యానకేంద్రాన్ని జయంతి అనే ఆమె చూసుకుంటుంది. అనంతపురంలో టీచరుగా చేసి మానుకున్న మనిషి, మాట నెమ్మది. మల్లక్క కూర్చోకముందే వంటిల్లు చూసింది, నీళ్ళ తొట్టిలో చెయ్యి ముంచింది, మరుగుదొడ్ల తలుపులు గడియ పడతాయో లేదో వేసి చూసింది. అన్నీ నచ్చాయి.

"తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతాం. అందరూ లేస్తారు" అని మొదలుపెట్టింది జయంతి.

"నేను మూడున్నరకే లేస్తా. కావాలంటే ఆ గంట నేనే కొడతా."

జయంతి నవ్వింది. "ఆరున్నరకు టిఫిను, పదకొండుకు భోజనం. సాయంత్రం అయిదుకు టీ, ఏదైనా పండు. రాత్రికి భోజనం ఉండదు. మధ్యలో అంతా ధ్యానమే. రాత్రి కాసేపు ప్రవచనం, తొమ్మిదిన్నరకు దీపాలార్పడం. తోటివాళ్ళతో మాటగానీ సైగగానీ లేదు. ఇబ్బంది ఉంటే నాతో చెప్పుకోవచ్చు, గురువుగారిని అడగవచ్చు. పూజలు, ఉపవాసాలు, జపమాలలు ఆ పదిరోజులు పక్కనపెట్టాలి. మధ్యలో వెళ్ళిపోకూడదు."

"మావాళ్లు నలుగురైదుగురు వస్తామంటాండారు. టెంపో మాట్లాడుకోని, ఓళిగలు, ఊరిబిండి కట్టుకోని..."

"రావచ్చు. కానీ పక్కపక్కన కూర్చోబెట్టం. బయటి తిండి లోపలికి రానివ్వం. ఇది యాత్ర కాదమ్మా."

ముంతాజ్ మోచేత్తో పొడిచింది. "నేనప్పుడే చెప్పలా? నీకు అన్నీ తిరునాళే."

మల్లక్క రైకలోంచి గుడ్డసంచి తీసి రెండు వందనోట్లు ముందుకు చాచింది. జయంతి అందుకోలేదు. "ముందుగా తీసుకోము. పదిరోజులు పూర్తిచేసి, మేలు జరిగిందనిపిస్తే అప్పుడు మీ ఇష్టం."

"ఊరికే తింటే నాకరగదమ్మా. నా కొట్టంలో ఎవుడన్నా ఊరికే తింటే వానికీ అరగనీయను."

"ఊరికే కాదు. మీకంటే ముందు కూర్చున్నవాళ్ళు మీ వంతు ఇచ్చిపోయారు. మీరిచ్చేది మీ తర్వాత వచ్చేవాళ్ళకు."

మల్లక్కకు తన చలివేంద్రం గుర్తొచ్చింది. ఎండాకాలంలో బస్టాండు దగ్గర ఆమే చలివేంద్రం పెడుతుంది. తాగినవాడు డబ్బివ్వడు, ఊరు చేరి, ఓపికుంటే ఎక్కడో ఇంకో కుండ నింపుతాడు. "ఓ, అట్లనా! అయితే సరే" అని నోట్లు మళ్ళీ దాచుకుంది.

అప్పుడు జయంతి అడిగింది. "ఒంట్లో ఎలా ఉంటుంది? ఏమైనా మందులు వాడుతున్నారా?"

ముంతాజ్ చెవిలో గుసగుసలాడింది. "ల్యాదని చెప్పు మల్లక్కా. చెప్తే చేర్చుకోరు."

"అబద్ధమాడే పనే ల్యా" అని మల్లక్క నిటారుగా కూర్చుంది. "నిద్రమాత్రలు వాడ్తాంటి. ఇప్పుడు మానేసినా. రెండేళ్లుగా మింగినవి, నాలుగునాళ్లయింది, ముట్టల్యా. దీక్షగా ఉండా."

శభాష్ అంటుందని చూసింది. జయంతి ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"ఎవరు మానమన్నారమ్మా?"

"ఎవరూ అన్లా. నేనే."

"చేతులు చూపండి." వణికే వేళ్ళను జయంతి తన చేతుల్లోకి తీసుకుంది. "ఇవి ఉన్నట్టుండి మానే మాత్రలు కావు. ఒంటికి ప్రమాదం. ఈరోజే డాక్టరు దగ్గరకు పొండి. ఈ స్థితిలో పదిరోజులు మౌనంగా కూర్చోబెట్టలేను. నిద్ర లేక, లోపల దడతో ఉన్న మనిషికి అది మందు కాదు. కుదుటపడ్డాక రండి, తలుపు తీసే ఉంటుంది."

మల్లక్కకు చెంప పగిలినట్టయింది. సంతలో ఎవరూ ఆమెను తిప్పి పంపలేదు. ఇక్కడ, డబ్బు అడగని చోట, వద్దన్నారు. తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. ముంతాజే బెదిరిపోయింది. "ఏమైంది మల్లక్కా, మాట్లాడు. నువ్వు మాట్లాడకుంటే నాకు గుండె కొట్టుకుంటాది."

"కొట్టం సోమప్పకు పోయినట్టే" అంది మల్లక్క చివరికి. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆమెకు అసలు సంగతి తట్టింది. తాను బయలుదేరింది నిద్ర కోసం. మొగుడితో పందెం గెలవడానికి కాదు. ధర్మవరంలోనే దిగిపోయింది.

డాక్టరు తిట్టవలసినంత తిట్టాడు. "దేవునికి ఉల్లిగడ్డ విడిచిపెడితే నష్టం ల్యా. దీన్ని నేను చెప్పినట్టు విడిచిపెట్టాల." మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించి, వణుకు తగ్గేదాకా పదిరోజులు చూశాడు. మాట్లాడుకోవచ్చు, రాత్రి తిండి ఉంటుంది, ఒళ్ళు కదులుతుంది కనుక గోరంట్ల ఆశ్రమమే ఇప్పటికి సరి అన్నాడు.

"దుడ్లు లేని తావున వద్దంటే, దుడ్లిచ్చి పోతావా?" అన్నాడు సోమప్ప.

"నిద్ర కొనుక్కుంటాండా. నువ్వు బీడీలు కొనుక్కునే దుడ్లతోనే."

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, ఉగ్గాని ఆర్డర్లుండవు. ఆ వారానికి చెల్లెలి వరసయ్యే కదిరమ్మకు కొట్టం అప్పగించింది. ఆశ్రమానికి ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి ఏమేం తేవాలో అడిగి తెలుసుకుంది. వదులు బట్టలు నాలుగు జతలు, దుప్పటి, తువ్వాలు, చెంబు, టార్చి. చీరలో కాలు పైకెత్తడం కుదరదన్నారు. జీవితంలో చుడీదారు తొడగని మల్లక్కకు ముంతాజ్ కొలతలు తీసింది.

"నడుం కొలత తప్పు చెప్పినావు" అంది ముంతాజ్.

"వారం తర్వాత సరిపోతాది, కుట్టు."

బయలుదేరేనాడు సోమప్ప నంజుకోవడానికి ఊరిబిండి డబ్బా చేతికిచ్చాడు. ఆమె తిరిగిచ్చేసింది. సంచిలో అన్నిటికంటే పైన మాత్రల అట్ట, డాక్టరు చీటీ ఉన్నాయి.

మొదటి రెండు రాత్రులు అక్కడా కప్పును చూస్తూనే గడిపింది. మూడోనాడు సాయంత్రం శవాసనంలో పడుకుని, ఊపిరిని బొడ్డు దాకా దించమన్నప్పుడు, పక్కావిడ మోకాలినొప్పి ఎన్నాళ్లదో అడగాలని అనుకుంటూ అనుకుంటూనే నిద్రపోయింది. గురక విని గురువుగారే అందరినీ చప్పుడు చేయొద్దన్నారట. లేచాక తెలిసింది.

ఊరికొచ్చాక డాక్టరు నెలల తరబడి కొంచెం కొంచెంగా మాత్ర తగ్గించాడు. రెండో ఏడు, మాత్ర పూర్తిగా పోయాక, గార్లదిన్నెకూ పోయింది. పదిరోజులు నోరు తెరవలేదు. వచ్చేటప్పుడు రెండు వందనోట్లకు మరో రెండు చేర్చి, "నా తర్వాత వచ్చేదానికి" అని జయంతి చేతిలో పెట్టింది. సోమప్ప కొట్టం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ముదిగుబ్బ చుట్టుపక్కల ఎవరు యోగాకు పోవాలన్నా ముందు మల్లక్క కొట్టానికే వస్తారు. ఏ తావు మంచిది, ఎంతవుతుంది, ఏం కట్టుకుపోవాలి అని అడుగుతారు. ఆమె అన్నీ చెబుతుంది, బజ్జీ చల్లారేదాకా చెబుతుంది. కానీ మొదట విస్తరి ముందుకు జరిపి, కళ్ళలోకి చూసి ఒక్కటే అడుగుతుంది.

"ముందు ఇది చెప్పప్పా. ఏం మాత్ర మింగుతాండావు?"