చెల్లెలి పాట

2014 జూలై 6, ఆదివారం సాయంత్రం అయిదుంబావుకు ఎస్.కోట నుంచి మా చెల్లెలి కోడలు ఫోన్ చేసింది.

"పెద్దత్తా, నీ ఫోన్‌లో పాట రాట్లేదేటి? ట్రింగు ట్రింగుమంతంది. మా అత్త ఫోన్ మంచం మీద ఇసిరేసినాది."

పక్షవాతంతో చెల్లెలికి మాట పడిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. కుడిచెయ్యీ లేవదు. ఎడమచేత్తో రెండో అంకె నొక్కిపట్టుకుంటే నా నంబరుకు పోయేలా కోడలు పెట్టిపెట్టింది. ఫోన్ మోగితే నేను తీసేదాన్ని కాదు. తియ్యకపోతే నా కాలర్ ట్యూన్‌లోని కీర్తన ఆమె చెవిలో పాడుతుంది, డబ్బులూ కట్ అవ్వవు. రోజూ సాయంత్రం నాలుగైదుసార్లు చేసేది. ఆ ఇంట్లో ఉన్న ఆమె కోసం నేను చెయ్యగలిగింది అదొక్కటే.

ఆ కీర్తన నాకు వచ్చింది మా పాస్టరుగారి ఫోన్ నుంచి. ఆయనకు చేస్తే అది వినిపించేది, మధ్యలో "ఈ పాట కావాలంటే స్టార్ నొక్కండి" అనేవారు. ఇంకోసారి పాడతారనుకుని నొక్కాను. ఒకటి నొక్కమన్నారు, అదీ నొక్కాను. మా సంఘంలో ఆడవాళ్లం చాలామందిమి అలాగే నొక్కాం. ఎవరికి చేసినా అదే కీర్తన.

బ్యాలెన్స్ చూస్తే నలభై పైసలు. వెంటనే వీధి చివర రీఛార్జి కొట్టుకు వెళ్లి యాభై వెయ్యమన్నాను. కొట్టామె వెయ్యలేదు.

"ఆగు మామ్మా. ఇప్పుడేస్తే ఇంకేదో తినేస్తాది. ముందు సూడనీ."

స్టాప్ అని ఉచిత నంబరుకు మెసేజీ పంపింది. నా మీద నడుస్తున్నవి తిరిగి మెసేజీలో వచ్చాయి. కాలర్ ట్యూన్, నెలకు ముప్ఫై. క్రికెట్ స్కోరు, నెలకు ముప్ఫై. రాశిఫలాలు, రోజుకు రూపాయి.

"చర్చికెల్తావు, రాశెందుకే మామ్మా?"

"తెర మీద ఏదో వస్తే ఓకే నొక్కేదాన్ని."

"క్రికెట్టూ అలాగేనా? ఇయ్యే బ్యాలెన్సంతా లాగేసినాయి. పాటకి ముప్ఫై దొరక్క ఆగిపోయినాది. అన్నీ తీసీమంటావా?"

"పాట ఉంచు."

ఆమె మళ్లీ అడిగింది, నేను మళ్లీ అదే చెప్పాను. మిగతా రెండూ ఒక్కొక్కటిగా ఆపింది. ఆపినట్టు మెసేజీలు వచ్చాక యాభై వేసింది. కాసేపటికి పాట ముప్ఫై తీసుకుంది. ఆరూ నలభైకి నా ఫోన్ మోగింది. తియ్యలేదు. అది ఆగేదాకా కొట్టు బల్ల దగ్గరే నిలబడి చూశాను.

మర్నాడు కస్టమర్ కేర్‌కు చేసి పోట్లాడితే జూలై క్రికెట్ ముప్ఫై వెనక్కి వేశారు. పాతవి ఇవ్వలేమన్నారు.

చెల్లెలు ఆగస్టు 19న, మంగళవారం పోయింది. సెప్టెంబరు 4న పాటకు మళ్లీ ముప్ఫై కట్టాలి. మూడో తారీకున నేనే మెసేజీ పెట్టి దాన్ని ఆపించాను. ఎవరూ దగ్గర లేరు.

నాకు పోయినవాటి లెక్క ఇది. రాశిఫలాలకు మే 1 నుంచి అరవై ఏడు రోజులు, అరవై ఏడు రూపాయలు. క్రికెట్‌కు జూన్‌లో ముప్ఫై. వెరసి తొంభై ఏడు. పాటకిచ్చింది ఇందులో రాయలేదు. ఒక ఆదివారం సాయంత్రం గంటా ఇరవై అయిదు నిమిషాలు ఆమెకు కీర్తన లేదు. ఒక చెల్లెలు.