బొమ్మలో గీయని అతుకు

ఎలక్ట్రానిక్స్ ఫోరమ్‌లో ప్రశ్నలు వేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. "నా సర్క్యూట్ పనిచేయడం లేదు, అర్జెంటు, సాయం చేయండి" అని రాసి కూర్చుంటారు. అది ఏ సర్క్యూట్టో చెప్పరు. బొమ్మ పెట్టమంటే ఒక ఫోటో పెడతారు. అందులో పూల దుప్పటి మీద బోర్డు మసగ్గా ఉంటుంది, పక్కనున్న టీ గ్లాసు మాత్రం తళతళా మెరుస్తుంటుంది. వోల్టేజీ ఎంతుందని అడిగితే "బానే ఉంది సార్" అంటారు. బానే ఉండటాన్ని ఏ మీటరుతో కొలుస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

విజయనగరంలో నాకో రిపేరు షాపుంది. ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, మోటారు స్టార్టర్లు బాగుచేస్తాను. ఖాళీ దొరికితే ఫోరమ్‌లో జవాబులు రాస్తాను. జవాబులంటే అక్షింతలే ఎక్కువ. ప్రశ్న ఎలా వేయాలో చెబుతూ ఒకసారి పెద్ద పాఠమే రాశాను. సర్క్యూట్ బొమ్మ ఉండాలి, వెలుతురులో తీసిన ఫోటోలుండాలి, ఎక్కడ ఎన్ని వోల్టులో అంకెల్లో ఉండాలి, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారో ఉండాలి. అవి లేనివాడు నా టైము తినడానికి వచ్చినవాడే. కొత్తవాడు కనిపిస్తే చాలు, ఆ పాఠం వాడి మొహాన కొట్టేవాణ్ణి. దాంట్లో నాకు సుఖం ఉండేదని ఒప్పుకుంటాను.

నా చెల్లెల్ని నౌపడ దగ్గర ఇచ్చాం. బావకు అక్కడ ఉప్పుమళ్ళున్నాయి. వాగు నుంచి ఉప్పునీటిని పంపుతో మొదటి మడిలోకి తోడతారు. అక్కడ ఎండకు చిక్కబడ్డాక పక్క మళ్ళలోకి వదిలితే ఉప్పు కడుతుంది. ఆ లైనుకి కరెంటు వచ్చేది తెల్లవారుజామున. మొదటి మడి నిండగానే పంపు ఆపాలి. ఆపకపోతే పలచటి నీళ్ళు గట్టు దాటి, కట్టిన ఉప్పు మీదకెళ్ళి కరిగించేస్తాయి. బావకు మోకాళ్ళ నొప్పి. రోజూ చీకటితో లేచి అంత దూరం గట్ల మీద నడవలేక నన్నొక పెట్టె చేసిమ్మన్నాడు.

చేసిచ్చాను. మడిలో నీటిమీద తేలే ఫ్లోటు స్విచ్చి ఉంటుంది. నీరు తగ్గితే స్విచ్చి మూసుకుంటుంది, పెట్టెలోని మైక్రోకంట్రోలర్ చిప్పు పిన్ను సున్నా వోల్టులకు దిగుతుంది, రిలే అనే చిన్న స్విచ్చి పడి మోటారు తిరుగుతుంది. నీరు నిండితే స్విచ్చి తెరుచుకుంటుంది, పిన్ను అయిదు వోల్టులకు లేస్తుంది, మోటారు ఆగుతుంది. ఇంతకంటే తేలికైన సర్క్యూట్ లోకంలో లేదు.

పెట్టిన మూడో వారం బావ ఫోను చేశాడు.

"బావా, నీ పెట్టె దానంతటదే పంపు తిప్పేస్తన్నాది. మడి నిండిపోనాక కూడా ఆపలేదు. ఒక మడి ఉప్పు మొత్తం కరిగిపోనాది."

"రిలే అంటుకుపోయుంటుంది, మారుస్తాను" అన్నాను.

"అది కాదు బావా. ఉప్పుకుప్ప సెమ్మ పట్టిన పొద్దే ఇలాగ సేస్తన్నాది. కుప్ప పొడిగా ఉన్న పొద్దు బుద్ధిగానే ఉన్నాది. సూస్కుంటన్నాను గదా."

నేను నవ్వాను. ఉప్పుకుప్ప చూసి సర్క్యూట్ జాతకం చెప్పే మనిషి అనుకున్నాను. నోటితో మాత్రం "సరే బావా, పెట్టె పట్రా" అన్నాను.

బావ రైల్లో తెచ్చాడు. రిలే మార్చాను, దాని కాయిల్‌కి అడ్డంగా ఉన్న డయోడు మార్చాను. పట్టుకెళ్ళి బిగించుకున్నాడు. వారం తిరక్కుండా ఇంకో పొద్దున్న మళ్ళీ అలాగే తిరిగింది. ఈసారి ముందే లేచి చూశాడు కాబట్టి ఆపగలిగాడు. మళ్ళీ పెట్టె నా బల్ల మీదకొచ్చింది. ఇక ఉప్పు కట్టి ఉన్నది ఒకే ఒక మడి. అందులో ఉప్పు గట్టిపడుతోంది, పది పన్నెండు రోజుల్లో గీకాలి, వానలు దగ్గరపడ్డాయి. బావ రోజూ తెల్లవారుజామున గట్ల మీద నడుస్తున్నాడని, మోకాలు గుమ్మడికాయంత వాచిందని చెల్లెలు ఫోనులో ఏడ్చింది. ఆ ఏడుపు నాకు బాగా తగిలింది. ఆ మడి కూడా కరిగితే ఆ ఇంటి గడప ఎలా తొక్కుతానన్నది ఒకటైతే, నా పెట్టె ఓడిపోయిందన్నది రెండోది. రెండోదే ఎక్కువ గుచ్చుకుందంటే నన్నేమనుకుంటారో మీ ఇష్టం.

బల్ల మీద పెట్టెకి ఏ రోగమూ లేదు. అర మీటరు తీగ, కొత్త ఫ్లోటు స్విచ్చి తగిలించి రెండు రోజులు చూశాను. తెరిస్తే 4.98 వోల్టులు, మూస్తే 0.02. గుళ్ళో దీపంలా నిలకడగా ఉంది. చేసేది లేక, పదేళ్ళలో మొదటిసారి నేనే ప్రశ్న వేయాలని నిశ్చయించుకున్నాను.

వేస్తే ఎలా ఉండాలి? ఈ గొర్రెలందరికీ నమూనాగా ఉండాలి. బొమ్మ కంప్యూటర్లో గీశాను, ప్రతి విలువా రాశాను. బోర్డు మీద తెల్లటి పొడలాగా ఏదో పేరుకుని ఉంటే ఫోటోలో బాగోదని స్పిరిటు పోసి, బ్రష్షుతో రుద్ది, అద్దంలా తుడిచాను. కిటికీ పక్కన తెల్లకాగితం పరిచి ఆరు ఫోటోలు తీశాను. కొలతలు పట్టికగా వేశాను. రిలే, డయోడు, పవర్ సప్లై మార్చడం, మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టరుకి రొద అణిచే స్నబ్బరు కట్టడం, ప్రోగ్రాంలో ఆలస్యం పెంచడం అన్నీ ఒక వరసలో రాశాను. మోటారు కరెంటు రొద పిన్నులోకి దూరుతోందని నా అనుమానం కూడా జోడించాను. బావ చెప్పిన ఉప్పుకుప్ప సంగతి రాయలేదు. అది రాస్తే పరువు పోతుందనుకున్నాను. ఇదంతా అయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ బావ గట్ల మీద నడుస్తూనే ఉన్నాడు.

పోస్టు చేశాక మొదట పొగడ్తలొచ్చాయి. ప్రశ్నంటే ఇలా ఉండాలి అన్నారు ఇద్దరు. జవాబు మాత్రం వాళ్ళకి తెలియదు. మర్నాడు ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు నాలుగు ముక్కలు రాశాడు.

"ఈ కొలతలన్నీ నీ బల్ల మీదవి. తప్పు జరిగేది అక్కడ. అక్కడ, అది తప్పు చేస్తున్న గంటలో తీసిన కొలత ఒక్కటైనా ఉందా? ఫ్లోటు నుంచి పిన్నుకి బొమ్మలో ఒక గీత గీశావు, అది ఎన్ని మీటర్లు, మధ్యలో అతుకులున్నాయా? బోర్డు ఇంత శుభ్రంగా ఎందుకుంది, తుడిచావా? దాని పక్కన రోజూ నిలబడే మనిషి ఏమంటున్నాడు?"

నాకు కోపం నెత్తికెక్కింది. ఎలక్ట్రానిక్స్‌లో నీ వయసెంతరా అని మొదలుపెట్టి ఒక పేరా టైపు చేశాను. ఆ గీత ఎన్ని మీటర్లో రాయబోయి ఆగిపోయాను. అరవై మీటర్లు. అందులో అతుకుంది. తీగ చివర్లో చాలకపోతే ఇంకో పది మీటర్లు నేనే మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, గట్టు వార ఒక రాయి కింద తోశాను. తర్వాత సోల్డర్ చేద్దాంలే అనుకున్నాను. బొమ్మ గీసినప్పుడు అది గుర్తుకు రాలేదని చెబితే అబద్ధం. గుర్తుకొచ్చింది, సిగ్గేసి గీయలేదు. పూల దుప్పటివాడు కనీసం తన దుప్పటిని దాచుకోలేదు.

టైపు చేసింది చెరిపేసి, పెట్టె సంచిలో వేసుకుని మధ్యాహ్నం రైలెక్కాను. ఆ రాత్రి చెల్లెలింట్లో పడుకుని తెల్లారకుండానే బావతో మళ్ళ దగ్గరికెళ్ళాను. మోటారు తిరక్కుండా కాంటాక్టరు తీగ విప్పేసి, పెట్టె మాత్రం బిగించాను. దారిలో ఉప్పుకుప్ప మీద చెయ్యి వేశాడు బావ.

"తడి సూడు. ఈయేళ సేస్తాది" అన్నాడు.

రాత్రి గాలిలోని తేమకి కుప్ప నిజంగానే చెమర్చి ఉంది. బావ మడిలోకి దిగి ఫ్లోటును చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. అంటే మడి నిండినట్టు, స్విచ్చి తెరిచి ఉంది, పిన్ను అయిదు వోల్టులుండాలి. మీటరు 1.2 చూపించింది. పెట్టెలో రిలే టక్కుమని పడింది. మోటారు తగిలించి ఉంటే ఆ చివరి మడి కూడా ఆ పూటే పోయేది.

రాయి కింద నుంచి అతుకు లాగాను. టేపు ఊడి వేలాడుతోంది. లోపల తెల్లగా ఉప్పు పేరుకుని, ఆ ఉప్పు తడిసి, రెండు తీగల మధ్య కరెంటుకు దారి చేసింది. పిన్నును పైకి పట్టి ఉంచేది చిప్పు లోపలి రెసిస్టరు, ముప్పై అయిదు వేల ఓములు; ఓములు పెరిగితే పట్టు తగ్గుతుంది. అంత బలహీనమైన పట్టును చెమ్మ తేలిగ్గా కిందకి లాగేస్తుంది. వెయ్యి ఓముల రెసిస్టరు ఒకటి బయటనుంచి అయిదు వోల్టులకి కట్టాను. అదే తడి అతుకుతో పిన్ను 4.6కి లేచింది, రిలే వదిలేసింది. ఎండెక్కి అతుకు ఆరాక ఆ రెసిస్టరు తీసి మళ్ళీ కొలిచాను, 4.4 వచ్చింది. విజయనగరంలో ఎందుకు బాగుందో, పగటిపూట ఎందుకు బుద్ధిగా ఉందో అంతా అక్కడే ఉంది. నా బోర్డు మీద నేను స్పిరిటుతో కడిగేసిన తెల్లపొడ కూడా ఈ ఉప్పే.

టెక్కలి నుంచి ఒకే ముక్కగా కొత్త తీగ తెచ్చి వేశాను, రెసిస్టరు సోల్డర్ చేసి ఉంచేశాను. బావ మాత్రం నమ్మలేదు. మూడు పొద్దులు కుప్ప చెమర్చింది, మూడు పొద్దులూ నిండగానే పంపు ఆగింది. నాలుగో పొద్దు బావ ఇంటి దగ్గరే పడుకున్నాడు. ఆ వారంలోనే చివరి మడి ఉప్పు గీకారు, నేనూ వెళ్ళాను.

గట్టు మీద కూర్చుని ఫోనులో నా ప్రశ్న తెరిచాను. దొరికిన తప్పు రాసి, ఆ ముక్కూ మొహం తెలియనివాడికి కృతజ్ఞతలు చెప్పాను. బావ పార గట్టున పెట్టి వచ్చి తొంగి చూశాడు.

"ఏటి రాస్తన్నావు?"

ఆ మనిషి అడిగిన నాలుగు ప్రశ్నలూ చదివి వినిపించాను. చివరిది విన్నాక బావ తల గుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఆడెవుడో తెలీనోడు అడిగితే రైలెక్కి వచ్చినావు. నాను సెప్తే నవ్వినావు" అని, పార తీసుకుని మళ్ళీ మడిలోకి దిగిపోయాడు.