టీచరమ్మ తెలుగు క్లాసుల ప్రకటన

చేవెళ్ల బడిలో నాకు తెలుగు చెప్పిన టీచరమ్మ రిటైరయ్యాక ఎంకపల్లిలో ఉండేవారు. విదేశాల్లో పెరిగే మన పిల్లలకు వీడియో క్లాసుల్లో తెలుగు నేర్పాలని ఆవిడ కోరిక. ఐటీ కంపెనీల్లో మా వైపు పిల్లలందరికీ ఉద్యోగాలు దొరుకుతున్న రోజులు. నేనూ ఒకదాంట్లో ఆన్‌లైన్ ప్రకటనలు పెట్టే పనిలో కొత్తగా చేరాను. ఆవిడ పెన్షన్‌లోంచి తీసిచ్చిన డబ్బుతో ప్రకటన నేనే పెట్టాను. దేశం అమెరికా, భాష తెలుగు అని ఎంచుకుని, మిగతా సెట్టింగులు ముట్టుకోలేదు.

వారమంతా ఫోన్లు వచ్చాయి. ఒక్కటీ అమెరికా నుంచి కాదు.

"షాబాద్ నుంచి ఒకాయన చేసిండు బిడ్డా. వీసా ఇప్పిస్తరా అని అడిగిండు. నేనెట్ల ఇప్పిస్త?" అన్నారావిడ.

అప్పుడు చూశాను. అమెరికాలో ఉన్నవాళ్లకే కాక, అమెరికా మీద ఆసక్తి చూపినవాళ్లకూ ప్రకటన చూపించే ఆప్షన్ మొదట్నుంచీ పెట్టే ఉంది. అమెరికా చదువుల గురించి వెతికిన ఇక్కడి మనవాళ్లందరికీ మా ప్రకటన పోయింది. సగం డబ్బు అట్లా కరిగిపోయింది. అమెరికాలో ఉన్నవాళ్లకే అని మార్చాను. ఈసారి ప్రకటన దాదాపు ఎవరికీ కనబడలేదు. అక్కడి మనవాళ్ల ఫోన్లు ఇంగ్లీషులో ఉంటాయి, వెతికేదీ ఇంగ్లీషులోనే. భాష తెలుగు అని నేను గీసిన గీతకు వాళ్లంతా అవతలే ఉండిపోయారు.

ఇంగ్లీషు కూడా చేర్చాను. దేశమంతా కాక, మనవాళ్లు ఎక్కువున్న నాలుగు ఊళ్లే పెట్టి, అందులోనూ తెలుగు సినిమాలు, తెలుగు వార్తలు చూసేవాళ్లకే చూపించమన్నాను. మూడిళ్ల నుంచి కబురొచ్చింది. చివరికి ఒక్క పాప చేరింది.

పొద్దున ఆరింటికి క్లాసు. పాపకు అది సాయంత్రం. టీచరమ్మ తలదువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చునేవారు. "క" దగ్గర పాప నవ్వితే ఆవిడా నవ్వేవారు. పదకొండో క్లాసు ముందు వాళ్ల నాన్న మెసేజ్ పెట్టాడు. ఈతకు వెళ్లే టైమూ అదేనట. కుదరదని.

నేను వెళ్లేసరికి ఆవిడ కంప్యూటర్ ముందే ఉన్నారు.

"ప్రకటన ఆపెయ్యి బిడ్డా."

"ఇప్పుడు సెట్టింగులు సరిగ్గున్నయి టీచర్. ఇంకో నెల చూద్దాం. డబ్బులు నేను పెడుత."

"సరిగ్గనే ఉన్నయి. సరిగ్గ చేసినంక గూడ ఒక్కరే దొరికిన్రు. ఆ పాప గూడ పోయింది. ఇంక ఎవరి కోసం?"

తప్పు నాదేనని చెప్పాలనుకున్నాను. మొదటి వారంలో పోయిన డబ్బు మాట ఆవిడ ఒక్కసారీ ఎత్తలేదు. ప్రకటన ఆపాను. ఆవిడ కంప్యూటర్ మీద గుడ్డ కప్పి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లారు. చాలాసేపు తిరిగి రాలేదు.